"స్వేచ్ఛా ప్రణాళిక" అనొచ్చా? అంటే ఎవరికి స్వేచ్ఛ?

శిరీష
గ్రూపులో పెద్దలకు నమస్కారం. నేను ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం. మా కాలేజీ పత్రికకు విల్లా సావోయ్ మీద తెలుగులో విమర్శ రాస్తున్నాను. పారిస్ దగ్గర పువాసీలో ఆర్కిటెక్టులు లె కార్బూజియే, పియెర్ జన్నెరె కలిసి 1928-31 మధ్య కట్టిన ఇల్లు అది. ఇంటిని నేల నుంచి ఎత్తి నిలిపే పిల్లర్లు పిలోటీలు, గోడ పొడవునా సాగే అడ్డ కిటికీ రిబ్బన్ కిటికీ. నా విమర్శలో ఒక వాక్యం ఇలా రాశాను: "పిలోటీలు నేలను విముక్తం చేశాయి, స్వేచ్ఛా ప్రణాళిక నివాసులకు స్వేచ్ఛనిచ్చింది, రిబ్బన్ కిటికీ ఇంటిని వెలుగుతో నింపింది." మా మేడమ్ దాని కింద ఎర్రగీత గీసి, "ఇది విమర్శ కాదు, లె కార్బూజియే చెప్పిందే నువ్వు మళ్ళీ చెప్పావు" అన్నారు. తప్పు నా తెలుగులో ఉందా, విషయంలో ఉందా?

మూర్తి
అమ్మా శిరీషా, ముందు ప్రణాళిక అనే మాట మార్చు. ఆ మాట వినగానే మాకు పంచవర్ష ప్రణాళిక గుర్తొస్తుంది. ఇంటి బొమ్మను మేస్త్రీ దగ్గర్నుంచి మునిసిపాలిటీ దాకా అందరూ ప్లాన్ అనే అంటారు. "స్వేచ్ఛా ప్లాన్" మిశ్రమ సమాసం, చెవికి బాగుండదు. "విడి ప్లాన్" అని చూడు. మాట సరిచేస్తే వాక్యం నిలబడుతుంది.

వసుధ
మూర్తి గారూ, ప్రణాళిక విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ మాట మార్చినంత మాత్రాన వాక్యం నిలబడదు. ఎర్రగీత పడింది "స్వేచ్ఛ" దగ్గర. నేను స్టూడియోలో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఏటా ఇదే వాక్యం చూస్తాను.

శిరీషా, లె కార్బూజియే తన అయిదు సూత్రాలను, అంటే పిలోటీలు, పైకప్పు తోట, స్వేచ్ఛా ప్లాన్, అడ్డ పట్టీ కిటికీ, బరువు మోయని ముఖగోడ, వీటిని 1927లో, స్టుట్‌గార్ట్ వైసెన్‌హోఫ్‌లో కట్టిన ఇళ్ళ సందర్భంగా ప్రకటించాడు. అక్కడ స్వేచ్ఛ మనుషులకు కాదు, గోడలకు. బరువును కాంక్రీటు పిల్లర్లు, స్లాబు మోస్తాయి కాబట్టి పై అంతస్తు గోడ కింది అంతస్తు గోడ మీదే నిలబడాలన్న బలవంతం పోతుంది. అంటే "బరువు మోసే పని నుంచి గోడకు విడుదల". అది నిర్మాణం గురించిన మాట. అందులోంచి "నివాసులకు స్వేచ్ఛ" అనే మాటకు నువ్వు దూకేశావు. అక్కడ వంతెన లేదు.

నువ్వు చేయాల్సిన పని ఇది. ప్రతి సూత్రం దగ్గర "ఏది, దేని నుంచి విడివడింది? బదులుగా ఏది కట్టుబడింది?" అని అడిగి, జవాబు డ్రాయింగులో వెతుకు. సావోయ్ గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ తీసి పిల్లర్లకు మాత్రమే రంగు వేయి. సుమారు 4.75 మీటర్ల ఎడంతో, వరసకు అయిదు చొప్పున అయిదు వరసల గ్రిడ్ అని పుస్తకాల్లో చదివి ఉంటావు. రంగు వేశాక చూడు, లోపలికి వచ్చేసరికి ఆ క్రమం చెడుతుంది. అయిదు వరసలు కదా, మధ్య వరస సరిగ్గా ఇంటి నడుమ పడుతుంది. పై అంతస్తుకు ఎక్కే ర్యాంపూ అక్కడే రావాలి. అందుకని నడుమ పిల్లర్లు గ్రిడ్ గీత వదిలి, ర్యాంపు పక్కలకు జంటలుగా జరిగాయి. పిల్లర్లు కదలకుండా ఉంటాయి, గోడలు ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి అనేది సూత్రం. ఇక్కడ మాత్రం ప్లాన్ కోసం పిల్లర్లే జరిగాయి. ఇది నాకు ఆ ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు. సూత్రానికి, కట్టడానికి తేడా వచ్చిన చోటే నీ విమర్శ మొదలవుతుంది.

రవికిరణ్
నేను హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కడతాను. పిలోటి అంటే మన స్టిల్ట్ ఫ్లోరే కదా అండీ? కింద పార్కింగ్, పైన అయిదు అంతస్తులు. గోడలన్నీ పిల్లర్ల మధ్య ఇటుక గోడలే, ఏదైనా తీసేయొచ్చు. అంటే మనం రోజూ కడుతున్నది లె కార్బూజియే ఇల్లే. దీనికి ఇంత చర్చ ఎందుకో అర్థం కాలేదు.

సలీం
రవి గారూ, సగం నిజం. పిల్లర్-స్లాబు ఫ్రేము ఒకటే. కానీ మీ అపార్ట్‌మెంట్‌లో అయిదు అంతస్తులకూ ఒకే ప్లాన్, గోడలు దాదాపు ప్రతిచోటా దూలం కిందే ఉంటాయి. గోడకు విడుదల దొరికింది గానీ ఎవరూ వాడుకోలేదు. సావోయ్‌లో కింది అంతస్తు, పై అంతస్తు పక్కపక్కన పెడితే గోడలు ఒకదానికొకటి పొంతనే ఉండవు. తేడా అక్కడుంది.

ఇంకో సంగతి. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. పై అంతస్తుల్లో ఇటుక గోడలు నిండుగా ఉండి, కింద ఒట్టి పిల్లర్లే ఉంటే కింది అంతస్తు మెత్తనిదవుతుంది. భూకంపంలో పై భాగం ఒక దిమ్మలా కదులుతుంది, ఊగిసలాటంతా కింది పిల్లర్ల మీద పడి అవి తల దగ్గర, పాదం దగ్గర విరుగుతాయి. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు అంత దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి కింద ఇలా తెరిచిన పార్కింగే ఉంది. ఆ తర్వాత 2002లో వచ్చిన మన భూకంప డిజైన్ కోడ్ IS 1893, మామూలు పద్ధతిలో లెక్క చేస్తే అలాంటి అంతస్తు పిల్లర్లూ దూలాలూ రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయమంది. గోడ బరువు మోయకపోయినా ఊగకుండా ఆపే పని చేస్తూనే ఉంటుంది. "గోడకు పని లేదు" అనే మాట నిలువు బరువు వరకే నిజం.

రవికిరణ్
ఆ నిబంధన మా ఇంజనీరు చెబుతుంటాడు, ఇనుము ఎక్కువ పెట్టిస్తాడు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. "ఏ గోడైనా తీసేయొచ్చు" అని కస్టమర్లకు ఇక చెప్పను.

శిరీష
సలీం గారూ, మరి పిలోటీలు ప్రమాదకరమని రాయొచ్చా?

సలీం
వద్దమ్మా. రెండు అంతస్తుల తేలికైన ఇంటి మీద మన అయిదారు అంతస్తుల తప్పు రుద్దకూడదు. పైగా అక్కడ కింది భాగం పూర్తిగా ఖాళీ కూడా కాదు.

వసుధ
సలీం గారు చివర్లో అన్నదే అసలు విషయం. "నేల విముక్తం" అన్నావు శిరీషా. ఆ నేల మీద ఏముందో ప్లాన్‌లో చదువు. గ్యారేజీ ఉంది, డ్రైవరుకు, పనివాళ్ళకు గదులు ఉన్నాయి, లోపలికొచ్చే హాలు ఉంది. హాలు ముందు అద్దాల గోడ అర్ధవృత్తంలా వంగింది ఎందుకంటే, పారిస్ నుంచి వచ్చే కారు ఇంటి కిందికి వచ్చి తిరగాలి. అంటే నేలను గోడల నుంచి విడిపించి, ఎక్కువ భాగం కారుకు, సేవకులకు అప్పగించారు. యజమానుల బతుకంతా పై అంతస్తులో.

పైగా లె కార్బూజియే వాదన ప్రకారం పిలోటి ఇంటిని తడి నేల నుంచి లేపి, కింది జాగాను తోటకు తిరిగిస్తుంది. ఇరుకు నగరంలో అది బలమైన వాదన. పువాసీలో ఇంటి చుట్టూ విశాలమైన పచ్చిక ఉంది, జాగాకు కరువు లేదు. మరి అక్కడ పిలోటి ఏ పని చేసింది? నా జవాబు, చూపు కోసం. ఇంటిని పచ్చిక మీద తేల్చి, చుట్టూ పొలాలను ఎత్తు నుంచి చూపించింది. అది చిన్న పని కాదు. కానీ ఆరోగ్యం, జాగా పేరు చెప్పి దాన్ని సమర్థిస్తే నేను ఒప్పుకోను.

పద్మజ
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా ఫ్లాట్ హాల్లో పడమటి గోడకు ఈ చివర నుంచి ఆ చివరి దాకా స్లైడింగ్ కిటికీ ఉంది. బిల్డర్ అప్పుడు రిబ్బన్ విండో అని గొప్పగా చెప్పాడు. ఏప్రిల్ వస్తే మధ్యాహ్నం మూడు నుంచి ఆ హాల్లో కూర్చోలేం. మందపాటి కర్టెన్ వేస్తే చీకటి. దీనికి ఏ ఫిల్మ్ అతికిస్తే మంచిది?

సలీం
పద్మజ గారూ, ఫిల్మ్ కన్నా బయటి నీడ నయం. అద్దం దాటి లోపలికొచ్చిన వేడి కర్టెన్ దగ్గర ఆగినా గదిలోనే ఉంటుంది. వీలైతే బయట వెదురు చిక్ వేయించండి.

వసుధ
పద్మజ గారి హాలు శిరీషకు మంచి ఉదాహరణ. సావోయ్‌లో నాలుగు దిక్కులకూ ఒకే ఎత్తులో ఒకే పట్టీ కిటికీ చుట్టి వస్తుంది. ఉత్తరమా, పడమరా అని చూడదు. అదే లె కార్బూజియే అహ్మదాబాద్‌లో 1954లో మిల్ ఓనర్స్ భవనం కట్టినప్పుడు పడమటి వైపు కాంక్రీటు పలకలను ఏటవాలుగా తిప్పి ఎండను ఆపాడు, తూర్పున నది వైపు పలకలను నిటారుగా ఉంచాడు. దిక్కుకో ముఖం. పాత సూత్రానికి ఆయనే రాసుకున్న విమర్శ అని నేను చదువుతాను.

ఇక వెలుగు సంగతి. దీని మీద ఆయనకూ, ఆయన ఒకప్పుడు ఎవరి దగ్గర పనిచేశాడో ఆ ఆర్కిటెక్టు ఓగ్యుస్త్ పెరెకూ 1920లలో పెద్ద వాదమే నడిచింది. నిలువు కిటికీ నిలబడ్డ మనిషిలాంటిది, తోట నుంచి ఆకాశం దాకా చూపిస్తుంది అన్నాడు పెరె. అడ్డ కిటికీ ఉన్న గదిలో ఫోటో తీయడానికి నాలుగో వంతు ఎక్స్‌పోజర్ చాలు అని లె కార్బూజియే జవాబిచ్చాడు. అడ్డ పట్టీ పక్క గోడల దాకా వెళ్తుంది కాబట్టి ఆ గోడలు వెలుగును పట్టి గదిలోకి తిప్పుతాయి, మూలల్లో చీకటి ఉండదు. ఆ మేరకు నిజం. కానీ వెలుగు ఎంత లోతుకు వెళ్తుందో నిర్ణయించేది కిటికీ పైఅంచు ఎత్తు, పొడవు కాదు. లోతైన గదికి నిలువు కిటికీయే మేలు. "వెలుగుతో నింపింది" అనకుండా, ఏ గది, ఎంత లోతు, పైఅంచు ఎంత ఎత్తులో అని రాయి. సావోయ్ పై అంతస్తు హాలుకు టెర్రస్ వైపు పెద్ద అద్దాల గోడ కూడా ఉందని మరిచిపోకు. ఆ వెలుగును పట్టీ కిటికీ ఖాతాలో వేయకు.

మూర్తి
ఆ ఇల్లు కారిందట కదా? దానితో సూత్రాలన్నీ కొట్టేయొచ్చు.

వసుధ
కారింది మూర్తి గారూ. హాల్లో, ర్యాంపు మీద వాన కురుస్తోందని, గ్యారేజీ గోడ తడిసి ముద్దయిందని ఇంటి యజమానురాలు శ్రీమతి సావోయ్ 1936లో ఉత్తరం రాసింది. కుటుంబం 1940లో ఇల్లు వదిలింది. కానీ తప్పు ఎక్కడిదో విడదీయాలి. కారింది చదునైన పైకప్పులో, స్కైలైట్ అంచుల్లో. దానికి పట్టీ కిటికీని, ప్లాన్‌ని నిందిస్తే రోగం ఒకచోట, మందు ఒకచోట అవుతుంది. చలికాలంలో స్లాబు కింద కూడా గాలి ఆడి ఇల్లు చల్లబడటం మాత్రం పిలోటీ ఖాతాలోనే రాయాలి.

సలీం
వసుధ గారూ, ఒక్కచోట మీతో విభేదిస్తాను. పైకప్పును తోటగా వాడమన్నది కూడా అదే సూత్రాల జాబితాలో ఉంది. అయిదూ కలిసి వచ్చినప్పుడు వాటిని విడదీసి తప్పు పంచడం ఆయనకు కాస్త అనుకూలంగా లేదూ?

వసుధ
అది న్యాయమైన ప్రశ్న. పద్ధతిగా చూస్తే విడదీయాలి, ఇల్లుగా చూస్తే విడదీయలేం. విద్యార్థి రెండూ రాయాలనే నేను అడుగుతాను.

శిరీష
అందరికీ కృతజ్ఞతలు. ఇలా మార్చాను: "సావోయ్‌లో గోడలు బరువు నుంచి విడివడ్డాయి, కానీ నడుమ పిల్లర్లు ర్యాంపు కోసం గ్రిడ్ వదిలి జరిగాయి. ఎత్తిన ఇంటి కింది నేల తోటకు కాక, ఎక్కువగా కారుకూ పనివాళ్ళ గదులకూ వెళ్ళింది. దిక్కు చూడని పట్టీ కిటికీ పక్క గోడలకు వెలుగు పంచింది, అయితే హాలులోని వెలుగు చాలావరకు టెర్రస్ అద్దాలది." పిలోటికి తెలుగు మాట మాత్రం దొరకలేదు.

మూర్తి
"ఎత్తుకాళ్ళు" అని చూడమ్మా.

రవికిరణ్
సైటులో అలా అంటే ఎవరికీ అర్థం కాదండీ. పిలోటి అనే ఉంచండి.

వసుధ
శిరీషా, "చాలావరకు" అన్నావు, కొలిచావా? ప్లాన్, ఇంటిని నిలువునా కోసినట్టు చూపే సెక్షన్ రెండూ పెట్టుకుని రెండు అద్దాల వైశాల్యం లెక్కగట్టి రాయి. ఇంకొకటి కూడా చూడు. రెండు వైపుల స్లాబు పిల్లర్లను దాటి బయటికి వచ్చింది, మిగతా రెండు వైపుల పిల్లర్లు గోడ అంచుకే ఉన్నాయి. ఆ రెండు వైపుల కూడా కిటికీ పిల్లర్ల నుంచి స్వతంత్రమైనదే అనొచ్చా? సెక్షన్ గీశాక ఇక్కడే పోస్ట్ చేయి.