‘వందలాది మంది’ అంటే కనీసం ఎంతమంది?

కొత్త కంట్రిబ్యూటర్: ఒక బడి వార్షికోత్సవం వార్తలో ‘వందలాది మంది తల్లిదండ్రులు హాజరయ్యారు’ అని రాశాను. డెస్క్ వాళ్లు ఆ ముక్క కొట్టేసి ‘ఎంతమంది?’ అని తిప్పి పంపారు. నిర్వాహకులను అడిగితే వెయ్యి అన్నారు. నాకు అంత అనిపించలేదు, అందుకే వందలాది అని సర్దేశాను. అసలు ఆ మాట ఎంత నుంచి చెల్లుతుంది?

పదవిరుపు: వందలు, ఆది. ఆది అంటే మొదలు. కాబట్టి వంద దాటితే చాలు, వందలాదే. నూట పది మంది వచ్చినా తప్పు కాదు.

తెలుగు పంతులు: మాట విరిచినంత వరకు సరే, లెక్క సరిగా లేదు. ‘వంద’ కాదు కదా, ‘వందలు’. బహువచనం ఉన్నాక కనీసం రెండు వందలైనా ఉండాలి. వాడుకలో అదీ చాలదు. ‘వందలాదిగా తరలివచ్చారు’ అని చదివితే ఎవరి కళ్లకూ రెండు వందల మంది కనబడరు. లెక్కకు అందనంత మంది అనే ధ్వని ఆ మాటలో ఉంది. అందుకే పెళ్లి కబుర్లలో బాగుంటుంది.

డెస్క్‌లో పాతకాపు: మేం కొట్టేసేది అందుకే. లెక్కకు అందినవాళ్లను అందనివాళ్లుగా రాయకూడదు. బడి ఆవరణలో కుర్చీలు వేసి ఉంటే అందని లెక్కేం కాదు. కుర్చీలు ఎలా వేశారో గుర్తుందా?

కొత్త కంట్రిబ్యూటర్: ఫొటోలు ఉన్నాయి. మధ్యలో దారి, అటు 12, ఇటు 12. మొత్తం 15 వరసలు.

డెస్క్‌లో పాతకాపు: అంటే 360 కుర్చీలు. బహుమతులు ఇచ్చేటప్పుడు తీసిన ఫొటోలో ఖాళీలు లెక్కపెట్టండి. పక్కన నిలబడ్డవాళ్లను పదిమంది ఎంత చోటు పట్టారో చూసి, అలాంటి గుంపులు ఎన్నో చూడండి.

కొత్త కంట్రిబ్యూటర్: ఖాళీలు 40 దాకా ఉన్నాయి. నిలబడ్డ గుంపులు ఐదు. 320, 50 కలిపి 370. ముందు నాలుగు వరసల నిండా పిల్లలే.

డెస్క్‌లో పాతకాపు: ఆ 96 తీసేయండి. 274 మిగిలింది. ‘సుమారు 270 మంది’ అని రాయొచ్చు. 274 అని రాస్తే తలలు ఒక్కొక్కటీ లెక్కపెట్టామని చెప్పినట్టు అవుతుంది, మనం పెట్టలేదు. ఇంకో మాట. ఆ 270 మందీ తల్లిదండ్రులేనా? తాతయ్యలు, అమ్మమ్మలు, చంకలో చిన్నపిల్లలు ఉండే ఉంటారు. ‘కుటుంబ సభ్యులు’ అనండి. వెయ్యి ఎలా వచ్చిందో అడిగారా?

కొత్త కంట్రిబ్యూటర్: ఇప్పుడే అడిగాను. 500 ఆహ్వానాలు పంచారట, ఇంటికి ఇద్దరు చొప్పున!

డెస్క్‌లో పాతకాపు: అది పిలుపుల లెక్క, హాజరు కాదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వేరే ప్రశ్నకు జవాబు చెప్పారు.

పదవిరుపు: కానీ తమ పిల్లల డ్యాన్సు అయిపోగానే లేచి వెళ్లేవాళ్లు ఉంటారు. వాళ్ల కుర్చీల్లో వేరేవాళ్లు కూర్చుంటారు. సాయంత్రం మొత్తం మీద వచ్చినవాళ్లు 270 కంటే ఎక్కువే ఉండాలి. ‘హాజరయ్యారు’ అంటే ఏదో ఒక క్షణంలో ఉన్నవాళ్లా, వచ్చిపోయినవాళ్లంతానా?

డెస్క్‌లో పాతకాపు: మంచి పట్టు. గేటు దగ్గర ఎవరూ లెక్క రాయలేదు కాబట్టి రెండోది మనకు తెలియదు. ‘బహుమతులు అందజేసే సమయానికి సుమారు 270 మంది ఉన్నారు’ అంటే తెలిసినంతే చెప్పినట్టు.

ఓ పాప తల్లి: మీరంతా లెక్కల్లో ఉన్నారు గానీ, మా పాప పేరు సంగతి ఎవరు చూస్తారు? పోయినసారి ఫొటో కింద ‘ఎడమ నుంచి’ అని ఐదుగురి పేర్లు వేశారు. మా పాప పేరు చివరి అబ్బాయికి, ఆ అబ్బాయి పేరు మా పాపకు. మధ్యలో పిల్లాడొక్కడే సరిగ్గా పడ్డాడు.

డెస్క్‌లో పాతకాపు: ఇది ఈ ప్రశ్నకు సంబంధం లేనిదే అయినా వదలకూడనిది, అమ్మా. మధ్యవాడు ఒక్కడే సరిపోయాడంటే వరస తిరగబడింది. వేదిక మీదున్న పిల్లలు తమ ఎడమ నుంచి పేర్లు చెప్పి ఉంటారు. పాఠకుడి ఎడమ దానికి ఎదురు. ఫొటో వాళ్లకే చూపించి ‘ఇందులో ఈ చివర ఉన్నది ఎవరు?’ అని వేలు పెట్టి అడిగితే ఈ గొడవ రాదు.

కొత్త కంట్రిబ్యూటర్: పేర్ల జాబితా నాకు ఇంగ్లిషులో ఇచ్చారు. అక్కడే అసలు తంటా. ‘టీ హెచ్’ ఉంటే త నా, థ నా? గీత, లత పేర్లలో అది మామూలు త. దీర్ఘాలు అసలే తెలియవు. ఒక పేరు రమణ అనుకున్నాను, రామన్న అని తేలింది.

తెలుగు పంతులు: ఇంగ్లిషు అక్షరాల్లోంచి తెలుగు పేరు తవ్వి తీయడం ఊహే. పిల్లల చేతికి పెన్నిచ్చి తెలుగులో రాయమనండి.

డెస్క్‌లో పాతకాపు: అవును, పుస్తకంలో వాళ్లచేతే రాయించుకోవాలి. ఫోనులో అయితే ‘సుస్మితే కదా?’ అని అడగకండి. సగం మంది మొహమాటానికి అవునంటారు. ‘సు తర్వాత సముద్రంలో స నా, షడ్రుచుల్లో ష నా?’ అని అడగాలి. అప్పుడు జవాబు చెప్పక తప్పదు.

కొత్త కంట్రిబ్యూటర్: ఒకమ్మాయి ‘శృతి’ అని రాసింది. ‘శ్రుతి’ అని దిద్దనా?

తెలుగు పంతులు: దిద్దండి. శ్రు ధాతువు, వినడం. అందులో ఋత్వం లేదు.

డెస్క్‌లో పాతకాపు: దిద్దకండి. రాగం గురించి రాస్తే పంతులుగారి మాటే నాకు శాసనం. ఇది ఆ పిల్ల పేరు. ఇంట్లో ఎలా రాసుకుంటే అలాగే.

తెలుగు పంతులు: పత్రికలు కూడా తప్పును అచ్చు వేస్తే ఇక ఒప్పు ఎక్కడ మిగులుతుంది?

ఓ పాప తల్లి: మా పాపది కూడా శృతే. అలాగే ఉండనివ్వండి.

పదవిరుపు: పంతులుగారు ఓడలేదు, ఓట్లు తగ్గాయంతే. పాల్గొన్న పిల్లల సంఖ్య ఎంత రాశారు?

కొత్త కంట్రిబ్యూటర్: 131. 14 అంశాల జాబితాల్లోని పేర్లన్నీ కలిపాను.

డెస్క్‌లో పాతకాపు: ఒకే పాప గుంపు నృత్యంలోనూ నాటికలోనూ ఉంటే రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. పేర్లన్నీ ఒకే వరసలో రాసి, తరగతి కూడా చేర్చి, మళ్లీ వచ్చినవి కొట్టేయండి. తరగతి లేకపోతే ఒకే పేరున్న ఇద్దరు ఒకరైపోతారు.

కొత్త కంట్రిబ్యూటర్: చేశాను, 84 తేలింది. అన్నట్టు, ఆహ్వానంలో ఉన్న అతిథుల్లో ఒకరు రానేలేదు. ముందే రాసిపెట్టుకున్న కాపీలో ఆయన ప్రసంగించేశారు, తీసేశాను. ‘దాదాపు 270’ అనొచ్చా మరి?

పదవిరుపు: దాదాపు అంటే ఆ అంకెను తాకనట్టు, 265 లాగా. 274 కి పనికిరాదు.

తెలుగు పంతులు: నాకు ఆ తేడా వినిపించదు. మా వైపు రెండూ ఒకటే.

కొత్త కంట్రిబ్యూటర్: సరే, సుమారే ఉంచాను. ఇదీ పంపింది: ‘84 మంది విద్యార్థులు 14 ప్రదర్శనలు ఇచ్చారు. ముఖ్య అతిథి చేతుల మీదుగా బహుమతి ప్రధానం జరిగింది. ఆ సమయానికి సుమారు 270 మంది కుటుంబ సభ్యులు ఉన్నారు.’

తెలుగు పంతులు: అతిథికి థ సరిగ్గా పెట్టారు, సంతోషం. ‘ప్రధానం’ అంటే ముఖ్యమైనది. ఇవ్వడమైతే ‘ప్రదానం’, వత్తు లేని ద.

కొత్త కంట్రిబ్యూటర్: అయ్యో. డెస్క్‌కి ఫోన్ కలుపుతున్నా.