హెచ్-1బి ఉద్యోగం: రాత్రి కాల్స్, తెల్లవారుజామున మూడింటికి మెలకువ

డల్లాస్‌వాసి:
మా బృందంలో సగం మంది హైదరాబాదులో ఉన్నందువల్ల నాకు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకు కాల్ ఉంటుంది. కాల్ మొదలయ్యేసరికి అక్కడ ఉదయం ఎనిమిది. పొద్దున ఏడింటికి ఇక్కడి మేనేజరుతో మరో మీటింగు. పన్నెండున్నరకు నిద్రపడుతుంది గానీ మూడింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. ఫోను తీసి హెచ్-1బి పొడిగింపు దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూస్తాను. అది ఉన్నచోటే ఉంటుంది, నాకు మాత్రం మళ్ళీ కన్ను మూతపడదు. వచ్చే నెలలో ఇక్కడ ఉండటానికిచ్చిన ఐ-94 గడువు ముగుస్తోంది. ఈమధ్య పిల్లవాడి మీద ఊరికే విసుక్కుంటున్నాను, స్నేహితులు పిలిచినా వెళ్ళబుద్ధి కావడం లేదు. ఈ దశ దాటినవారు ఏం చేశారో చెప్పగలరా?

కృష్ణాతీరం:
ఉద్యోగం పోయినా ఇక్కడే ఉండటానికి 60 రోజుల వ్యవధి ఎలాగూ ఉంటుంది కదండీ, అంత దిగులు అక్కరలేదు. మెలటోనిన్ ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, పడుకునే ముందు వేసుకోండి.

పాతకాపు:
60 రోజులు అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిస్తే ఆ వ్యవధీ అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి ఆయన భయం ఉత్త భయం కాదు. అయితే డల్లాస్‌వాసి గారూ, గడువులోపే పొడిగింపు దాఖలైతే, అదే సంస్థలో ఐ-94 తేదీ తర్వాత 240 రోజుల వరకు, నిర్ణయం వచ్చేలోపు, పని చేసుకోవచ్చు. రసీదు కాపీ, ఇటీవలి జీతం స్లిప్పులు, గ్రీన్‌కార్డు కోసం సంస్థ వేసిన ఐ-140 ఆమోదపత్రం ఉంటే అదీ మీ దగ్గర పెట్టుకోండి. సొంతంగా ఒక న్యాయవాదితో ఒక్కసారి మాట్లాడి, ఉద్యోగం పోతే మొదటి వారంలో ఏం చేయాలో కాగితం మీద రాసుకోండి. నాకు లేఆఫ్ భయం పట్టుకున్న రోజుల్లో ఆ కాగితం ఇచ్చిన ధైర్యం ఇంకేదీ ఇవ్వలేదు.

నెల్లూరు శారద:
మాది మరో రకం ఇబ్బంది. నేను హెచ్-4 మీద ఉన్నాను, మావారి ఐ-140 ఆమోదం వల్లనే నాకు పని అనుమతి వచ్చింది. ఆయన ఉద్యోగానికి ఏమైనా అయితే నాదీ పోతుందన్న ఆలోచనతో ఇద్దరం రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నాం. ఈ అనుమతి పునరుద్ధరణకు ఎన్ని నెలలు పడుతోందో ఎవరైనా చెబుతారా?

నిద్రవైద్యం_సియాటెల్:
శారద గారూ, దాని కోసం విడిగా ఒక చర్చ మొదలుపెడితే సరైన జవాబులు వస్తాయి. డల్లాస్‌వాసి గారిని ఒకటి అడగాలి: కాల్ లేని శనివారం రాత్రి హాయిగా నిద్రపోతున్నారా?

డల్లాస్‌వాసి:
లేదండీ, శనివారం కూడా మూడింటికే మెలకువ వస్తోంది.

నిద్రవైద్యం_సియాటెల్:
అలాగైతే మీకున్న ఇబ్బందులు రెండు, వాటికి మందు ఒకటి కాదు. తీరిక దొరకగానే నిద్రపోగలిగితే అది కేవలం పనిగంటల వల్ల వచ్చిన నిద్రలేమి. తీరిక ఉన్నా మెలకువ వస్తోందంటే, ఆ వేళకు లేచి దిగులుపడటం శరీరానికి అలవాటైపోయిందన్నమాట. దీనికి మెలటోనిన్ పెద్దగా పనిచేయదు, అది నిద్ర వేళను ముందుకో వెనక్కో జరపడానికే ఎక్కువగా ఉపయోగం. ఫోనును పడకగదిలో ఉంచకండి. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే (గడియారం చూడకుండానే) లేచి మసక వెలుతురులో కూర్చోండి, నిద్ర ముంచుకొచ్చాకే పడక ఎక్కండి. ఆదివారమైనా లేచే వేళ మార్చవద్దు. రాత్రి కాల్ కోసం కాఫీ తాగుతుంటే మానేయండి, సుమారు ఐదు గంటల తర్వాత కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది.

అయితే మీరు పన్నెండున్నరకు పడుకుని ఆరున్నరకు లేస్తే, ఎంత చికిత్స చేసినా ఆరు గంటలకు మించి నిద్ర రాదు. రెండు మీటింగులలో ఏదో ఒకదాని వేళ మారక తప్పదు. విసుగు, ఆసక్తి లేకపోవడం దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు మించి ఉంటే తప్పకుండా వైద్యుణ్ణి కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆగకుండా ఆత్మహత్య నివారణ సహాయ నంబరు 988కి ఫోను చేయండి, ఏ వేళనైనా పలుకుతారు.

కృష్ణాతీరం:
మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే అది రికార్డుకెక్కి గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో అడ్డొస్తుందని మావాళ్ళందరూ అంటారు.

నిద్రవైద్యం_సియాటెల్:
ఆ భయంతోనే నా దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చినవారు ఉన్నారు. ఆ పరీక్షలో చూసేది మానసిక రుగ్మత కారణంగా తనకు గానీ ఇతరులకు గానీ హాని కలిగించే ప్రవర్తన ఉందా అని. నిద్రలేమికో కుంగుబాటుకో చికిత్స తీసుకున్నంత మాత్రాన గ్రీన్‌కార్డు ఆపరు. పరీక్షలో అడిగినదానికి నిజమే చెప్పాలి. మీ అనుమతి లేకుండా వైద్యుడు ఆ వివరాలు మీ సంస్థకు ఇవ్వడు.

డల్లాస్‌వాసి:
ఫోనును ఈ రాత్రి నుంచే వంటగదిలో పెడతాను. ఏడింటి మీటింగు ఎనిమిదిన్నరకు మార్చమని అడగడానికే వెనకాడుతున్నాను. దరఖాస్తు పెండింగులో ఉండగా ఆ మాటను ఎలా తీసుకుంటారో తెలియదు.

పాతకాపు:
నిద్ర సంగతి ఎత్తకుండా, రాత్రి కాల్‌లో తేలిన విషయాలు రాసిపెట్టి తీసుకురావడానికి పొద్దున కొంత వ్యవధి కావాలని అడగండి. నేను అలాగే అడిగాను.

నిద్రవైద్యం_సియాటెల్:
నేనైతే ఆరోగ్య కారణమనే చెప్పమంటాను. కానీ మీ మేనేజరు ఎలాంటివారో మీకే తెలుసు.