అప్‌డేట్: కావలిలో 4 అడుగుల బాల్కనీ స్లాబు

నా ప్రశ్న: "పై కడ్డీలు గదిలోకి 4 అడుగులే వెళ్లాయి. 7 రోజులకు సపోర్టులు తీయవచ్చా?"

సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. కాంక్రీటుకు ముందే ఇంజనీరు గారు వచ్చి చూశారు. 5 అంగుళాల స్లాబులో గోడ దగ్గర పైకడ్డీలు కూలీల కాళ్ల కింద నలిగి 2 అంగుళాలు కిందికి దిగాయి. అలాగే పోసి ఉంటే బలం దాదాపు సగానికి పడిపోయేదని చెప్పి, కడ్డీలను ఎత్తి నిలబెట్టే ఇనుప కుర్చీలు కింద పెట్టించారు. కడ్డీలను బాల్కనీ పొడవుకు ఒకటిన్నర రెట్లు, అంటే 6 అడుగులు, లోపలికి పొడిగించారు. లావు కడ్డీలు వేయాలన్న సూచన అవసరపడలేదు.

గది స్లాబుకు నాలుగు వైపులా ఆధారం ఉంటుంది. బాల్కనీకి మాత్రం పైకడ్డీల పట్టు, వెనుక స్లాబు బరువే ఆధారం కనుక, లేత కాంక్రీటుపై భారం పడితే కొస శాశ్వతంగా కుంగుతుంది. అందుకే 28 రోజులు ఉంచి, కొస నుంచి గోడ వైపుగా సపోర్టులు తీశాము. గోడ వెంట పైభాగంలో పగులు ఏదీ కనిపించలేదు.