నెల నెలా ఒకే లైట్‌లో తీసిన ఫోటోలు చూసి జుట్టు పెరిగిందో లేదో చెప్పొచ్చా?

మియాపూర్_కుర్రాడు
ముందు వైపు ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నా, 2400 గ్రాఫ్ట్‌లు, ఇప్పుడు ఏడో నెల. ప్రతి నెలా ఒకటో తారీఖున అదే బాత్రూమ్‌లో అదే ఎల్ఈడీ లైట్ కింద నిలబడి ఫోటో తీసుకుంటున్నా. ఆరో నెల ఫోటో చూసి ఇంట్లో అందరూ సంబరపడ్డారు, ఏడో నెలది చూస్తే దానికంటే పల్చగా ఉంది. క్లినిక్ వాళ్ళేమో బాగానే ఉంది అంటున్నారు. లైట్ మారలేదు, చోటు మారలేదు. ఈ ఫోటోల్ని నమ్మాలా వద్దా?

పాతకాపు_ఒంగోలు
నమ్మొద్దు తమ్ముడూ. అసలు నెల నెలా చూడటమే అనవసరం. నాటిన వెంట్రుకలు మొదటి నెలా రెండు నెలల్లో చాలావరకు రాలిపోతాయి, చుట్టుపక్కల ఉన్న సొంత జుట్టు కూడా ఆ దెబ్బకి కొంత పోతుంది, మూడో నెలలో చూస్తే చేయించుకోకముందే నయం అనిపిస్తుంది. ఆపరేషన్ ముందు ఫోటో ఒకటి, ఏడాది అయ్యాక ఒకటి, ఈ రెండూ చాలు. మా బావమరిది మినాక్సిడిల్ రాయటం మొదలెట్టి రెండో నెల ఫోటో చూసి ఇంకా ఊడిపోతోందని ఆపేశాడు. మొదట్లో అలా రాలటం మామూలే, నాలుగో నెల ఆరో నెల దాకా ఆగితేనే ఫలితం తెలుస్తుంది అని ఎంత చెప్పినా వినలేదు, చేతిలో ఫోటో ఉంది కదా, దాన్నే నమ్మాడు.

పెళ్ళిఫోటోలు_బెజవాడ
నేను జుట్టు డాక్టర్ని కాదు, కెమెరా పట్టుకుని బతికేవాణ్ణి కాబట్టి ఆ సంగతి వరకే చెప్తా. లైట్ ఒకటే ఉన్నంత మాత్రాన ఫోటో ఒకటే కాదు బ్రో. ఫోన్ ఆటోలో ఉంటే ఫ్రేమ్‌లో నల్లటిది ఎక్కువ ఉంటే ఇది చీకటిగా ఉందనుకుని తనంతట తనే వెలుగు పెంచుతుంది, అప్పుడు జుట్టు మధ్యలో చర్మం తెల్లగా బయటపడుతుంది. వెనకాల తెల్ల టైల్స్ ఎక్కువ పడితే తగ్గిస్తుంది, అప్పుడు చర్మం కూడా నలుపులో కలిసిపోయి జుట్టు ఒత్తుగా కనపడుతుంది. అంటే నువ్వు తల ఇంత వంచావా అంత వంచావా అన్నదాన్నిబట్టే ఫోటో మారిపోతుంది.

ఐఫోన్ అయితే తల మీద వేలు నొక్కి పట్టుకో, AE/AF LOCK అని వస్తుంది. కానీ అది ఆ పూటకే పనిచేస్తుంది, వచ్చే నెలకి అదే వెలుగు ఉంటుందని గ్యారంటీ లేదు. ఆండ్రాయిడ్‌లో ప్రో మోడ్ ఉంటే ISO 200, షట్టర్ 1/50, WB ఒక నంబర్ దగ్గర పెట్టి ఆ మూడూ రాసి పెట్టుకో. 1/50 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి పొసగని స్పీడ్ పెడితే కొన్ని ఎల్ఈడీల కింద అడ్డంగా చారలొస్తాయి. సెల్ఫీ కెమెరా వద్దు, చెయ్యి చాపి దగ్గర్నుంచి తీస్తే నుదురు పెద్దదై హెయిర్‌లైన్ వెనక్కి పోయినట్టు ఉంటుంది. వెనక కెమెరా 1x లో పెట్టి రెండడుగుల దూరం నుంచి ఇంట్లో ఎవరిచేతైనా తీయించు, నేల మీద టేప్ అంటించి అక్కడే నిలబడు.

ఇంకోటి, ఫ్రేమ్ మూలలో ఒక తెల్ల కాగితం కనపడేలా పెట్టు. రెండు నెలల ఫోటోలు పక్కపక్కన పెడితే కాగితం ఒకదాంట్లో తెల్లగా ఇంకోదాంట్లో బూడిద రంగులో ఉందంటే ఆ రెండిటినీ పోల్చి లాభం లేదు.

ఆ బాత్రూమ్ లైట్ మటుకు మార్చెయ్. నెత్తి మీద నుంచి సూటిగా పడే లైట్ ఎవడికైనా బట్టతల చూపిస్తుంది. కిటికీ దగ్గర పల్చటి తెర వేసి మెత్తటి వెలుగులో తీస్తే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

డల్లాస్_తెలుగోడు
కిటికీ వెలుగు వద్దే వద్దు అన్నా. ఇక్కడ జూన్‌లో సాయంత్రం ఎనిమిదికి కూడా ఎండ ఉంటుంది, డిసెంబర్‌లో ఐదున్నరకే చీకటి, అదే కిటికీ అదే టైమ్ అని పెట్టుకుంటే సంవత్సరంలో రెండు ఫోటోలు కూడా ఒకలా రావు. ఇండియాలో అంత తేడా లేకపోయినా వానాకాలం మబ్బు ఉంటుందిగా. ఇంకో విషయం, వేసవిలో నెత్తి చర్మం ఎండకి నల్లబడుతుంది, మన నల్ల జుట్టుకీ చర్మానికీ తేడా తగ్గి మే నెల ఫోటోలో అందరికీ ఒత్తుగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అదే చెమట పట్టి ఉంటే వెంట్రుకలు అంటుకుపోయి ఉన్నదానికంటే పల్చగా వస్తుంది.

చిన్నమ్మడు_అమ్మ
నాకు డెలివరీ అయి ఐదు నెలలు, దువ్వెన నిండా జుట్టే వస్తోంది. నేను కూడా పాపిడి ఫోటోలు తీసుకుంటున్నాను, ఏ యాప్‌లో పెడితే తేడా బాగా తెలుస్తుందో ఎవరైనా చెప్పండి ప్లీజ్. బోర్ నీళ్ళ వల్ల అని మా అత్తగారు అంటున్నారు, నీళ్ళు మార్చి చూడనా?

డెర్మాపీజీ_గుంటూరు
అక్కా, మీది వేరే సంగతండి. కాన్పయ్యాక రెండు నుంచి నాలుగు నెలల మధ్య మొదలయ్యే రాలడం ఇది, ఎక్కువమందికి ఏడాదిలోపు దానంతట అదే సర్దుకుంటుంది. బోర్ నీళ్ళకి జుట్టు గరుకుబారి మధ్యలో తెగొచ్చు కానీ కుదురు నుంచి ఊడేది దానివల్ల కాదు. యాప్‌ల కంటే ఒక తెల్ల కాగితం తీసుకుని నుదుటి దగ్గర జుట్టు వెనకాల పెట్టి ఫోటో తీయండి, కొత్తగా వచ్చే పొట్టి వెంట్రుకలు ఆ తెలుపు మీద విడివిడిగా కనపడతాయి. పొడుగు జుట్టులో అవి కలిసిపోతాయి కాబట్టి పాపిడి ఫోటోలో చాలా నెలల దాకా తెలియవు. ఏడాది దాటినా తగ్గకపోతే, లేదా పాపిడి వెడల్పు అవుతూనే ఉంటే ఒకసారి రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

మియాపూర్ గారూ, నేను అడగాల్సినవి రెండు. ఆరో నెలకీ ఏడో నెలకీ మధ్య కటింగ్ చేయించారా? జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టరైడ్ మాత్ర వాడుతున్నారా?

మియాపూర్_కుర్రాడు
అవునండి, పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చి ఏడో నెల ఫోటోకి మూడు రోజుల ముందు కటింగ్ చేయించా, పైన మూడు సెంటీమీటర్లు ఉంచమన్నా, అంతకుముందు ఏడు దాకా ఉండేది. ఫినాస్టరైడ్ మూడో నెలలో ఆపేశా, నెట్‌లో ఏవేవో చదివి భయమేసి. క్లినిక్‌లో చెప్పలేదు.

డెర్మాపీజీ_గుంటూరు
సరే అయితే లెక్క చూద్దామండి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నాటినవి నాలుగో నెల మొదట్లో మొలిచాయి అనుకుంటే ఆరో నెలకి రెండు సెంటీమీటర్లు, అదీ సన్నగా, కొన్ని మెలితిరిగి ఉంటాయి. అంటే ఆరో నెల ఫోటోలో మీ ఇంట్లోవాళ్ళు చూసి సంబరపడింది ఎక్కువగా వెనక నుంచి ముందుకి దువ్విన ఏడు సెంటీమీటర్ల మీ సొంత జుట్టుని. కటింగ్‌తో ఆ కప్పు తీసేశారు. నాటినవి ఏడో నెలకి ఇంకో సెంటీమీటరు పెరిగి ఉంటాయి, అయినా మొత్తం చూస్తే పల్చగానే కనిపిస్తుంది. లైట్, చోటు, కెమెరా అన్నీ ఒకటే అయినా జుట్టు పొడుగు మారితే ఆ రెండు ఫోటోలకీ పోలిక లేదు.

ఇది నేను కొత్తగా చెప్తున్నది కాదు. ఫినాస్టరైడ్ మీద 1998లో వచ్చిన పెద్ద ట్రయల్స్‌లో తల కదలకుండా ఒక స్టాండులో పెట్టి ఫోటోలు తీశారు, హెయిర్‌స్టైల్, పొడుగు, రంగు మార్చొద్దని ముందే చెప్పారు. ఆ ఫోటోలకి మార్కులేసిన డాక్టర్లకి ఎవరు అసలు మందు వాడారో ఎవరు ఉత్త మాత్ర వాడారో తెలియదు. అయినా ఫోటో ఒక్కదాని మీదే ఆధారపడలేదు, నడినెత్తిన ఒక అంగుళం వెడల్పు గుండ్రంలో వెంట్రుకలు విడిగా లెక్కపెట్టారు.

మీరు కూడా ఇంట్లో దాదాపు అలాగే చేయొచ్చు. ఆపరేషన్ ముందు ఫోటోలో పూర్తిగా నున్నగా ఉన్న చోటు, అంటే కొత్త హెయిర్‌లైన్ గీసిన ముందు భాగం, అక్కడ పుట్టుమచ్చో మచ్చో ఏదైనా గుర్తు ఉంటే దాని పక్కన వేలిగోరంత జాగా ఎంచుకుని దగ్గర్నుంచి ఫోటో తీసి ప్రతి నెలా అదే జాగా చూడండి. అక్కడ సొంత జుట్టు లేదు కాబట్టి కనపడేవన్నీ నాటినవే. నాలుగో నెల నుంచి ఏడో నెలకి అక్కడ సంఖ్య పెరిగితే ట్రాన్స్‌ప్లాంట్ బాగానే పనిచేస్తున్నట్టు, మొత్తం ఫోటో ఏం చెప్పినా సరే.

ఆ జాగాకి వెనక భాగం సంగతే నాకు ఆలోచనగా ఉంది. నాటినవి ఉంటాయి, వాటి మధ్యలో మీ సొంత జుట్టు మాత్రం మందు ఆపితే సన్నబడుతూ పోతుంది. ముందు పెరిగింది వెనక తగ్గింది కలిపి చూస్తే ఫోటోలో ఏమీ మారనట్టే ఉంటుంది, అదే ప్రమాదం. కటింగ్ వల్లా, మందు ఆపినందువల్లా అన్నది ఇప్పుడున్న ఫోటోలతో నేను చెప్పలేను. చెవుల పైన జుట్టు చూడండి, అక్కడ బట్టతల రాదు, అదే ఫోటోలో అక్కడ కూడా పల్చగా ఉందంటే తేడా కటింగ్‌దో వెలుగుదో. అక్కడ ఒత్తుగానే ఉండి నడినెత్తిన మాత్రమే పల్చబడితే నిజంగానే తగ్గుతోందేమో చూసుకోవాలి. మందు ఆపిన సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి, భయం ఏమిటో కూడా చెప్పండి.

పాతకాపు_ఒంగోలు
డాక్టర్ గారూ మీరు చెప్పింది ఒప్పుకుంటా కానీ ఇదంతా నెల నెలా చేసి ఈ కుర్రాడు ఏం చేయగలడు? ఎనిమిదో నెల చూసి మందు మారుస్తాడా? ఏమీ మార్చలేనప్పుడు చూడటం ఎందుకు?

డెర్మాపీజీ_గుంటూరు
తీయడం నెలకోసారి, పోల్చడం మూడు నెలలకోసారి అండి. తీసి ఫోల్డర్‌లో పడేయాలి, అప్పుడే చూడక్కర్లేదు. ఏడాది తర్వాత వెనక్కి పోయి ఫోటో తీయలేం కదా, మధ్యలో ఒకటి తప్పు వెలుగులో వచ్చినా పక్క నెలది ఉంటుంది. పోల్చేటప్పుడు తారీఖులు చెరిపేసి కలిపేసి ఇంట్లో ఎవరికైనా ఇచ్చి ఏది ముందుదో ఏది తర్వాతదో చెప్పమనండి, వాళ్ళు వరస పెట్టలేకపోతే చెప్పుకోదగ్గ తేడా లేనట్టే.

పెళ్ళిఫోటోలు_బెజవాడ
పొడుగు సంగతి నాకు తట్టలేదు డాక్టర్ గారూ, మంచి మాట. కానీ ఆ బాత్రూమ్‌లో పైనుంచి పడే లైట్‌లోనే తీయటం మటుకు ఇప్పటికీ ఒప్పుకోను.

డెర్మాపీజీ_గుంటూరు
ఒత్తుగా ఉన్న తల కూడా ఆ లైట్‌లో పల్చగా కనపడుతుంది, నిజమే. కానీ మెత్తటి వెలుగులో ఆరో నెలా పన్నెండో నెలా రెండూ బాగానే ఉంటాయి, తేడా కనపడదు. పోలిక కోసం తీసే ఫోటోకి కఠినమైన వెలుగే కావాలి. పైగా ఆయన మొదటి ఫోటో ఆ బాత్రూమ్‌లోనే తీశారు, ఇప్పుడు మారిస్తే ఆ ఏడు నెలల ఫోటోలూ పనికిరాకుండా పోతాయి.

డల్లాస్_తెలుగోడు
నేనైతే తడి జుట్టుతో కూడా ఒకటి తీస్తా, దాంట్లో దాచటానికి ఏమీ ఉండదు.

పెళ్ళిఫోటోలు_బెజవాడ
తడి ఎంతో ఎలా కొలుస్తావ్ బ్రో, కారుతుంటే ఒకలా, తుడిస్తే ఒకలా. రెండు నెలలు ఒకేలా తడపటం నావల్ల అయ్యే పని కాదు.

డల్లాస్_తెలుగోడు
తలస్నానం చేసి టవల్‌తో ఒకసారి అద్ది వెంటనే తీస్తా, నాకు బాగానే కుదురుతోంది.

మియాపూర్_కుర్రాడు
అందరికీ థాంక్స్. ఎడమ వైపు హెయిర్‌లైన్ దగ్గర చిన్న మచ్చ ఉంది, పాత ఫోటోల్లో జూమ్ చేసి చూశా. నాలుగో నెలలో దాని పక్కన నూగులా ఏవో రెండు మూడు, ఏడో నెలలో లెక్కపెట్టగలిగినవే పదమూడు ఉన్నాయి. చెవుల పైన కూడా కొంచెం పల్చగానే వచ్చింది, కానీ కటింగ్ చేసినాయన సైడ్స్ మెషిన్‌తో కొట్టాడు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చో లేదో తెలియట్లేదు. గురువారం క్లినిక్‌కి వెళ్తున్నా, ఫినాస్టరైడ్ సంగతి చెప్తా. కటింగ్ మళ్ళీ ఏడు సెంటీమీటర్లు అయ్యేదాకా ఆపి ఆరో నెలదాంతో పోలుస్తా.

డెర్మాపీజీ_గుంటూరు
మెషిన్ పెడితే ఈసారికి సైడ్స్ లెక్కలోకి రావండి. ఏడు సెంటీమీటర్లకి ఇంకో నాలుగు నెలలు పడుతుంది, అంటే పదకొండో నెల. అప్పటికి నాటినవి కూడా లావెక్కి నడినెత్తి లోటుని కప్పేస్తాయి, కాబట్టి నడినెత్తి వరకు విడిగా ఇంకో మచ్చ వెతుక్కోండి. ఇప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకోండి, గురువారం వెళ్ళినప్పుడు వాళ్ళ దగ్గర ట్రైకోస్కోప్ ఉంటే నడినెత్తిన వెంట్రుకల మందం చూడమనండి, లావువీ సన్నవీ కలగలిసి ఉన్నాయో లేదో దాంట్లో తెలుస్తుంది.