రిపోర్టు చివరికి సక్రమంగానే వచ్చినప్పుడు, చేరిన తర్వాత వచ్చిందని ఆడిట్‌లో లోపంగా రాయవచ్చా?

కొత్త ఆడిటర్:
మా సంస్థలో గత సంవత్సరం చేరిన 386 మందిలో 40 మంది ఫైళ్లు పరిశీలించాను. ఏడుగురి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రిపోర్టు వారు చేరిన తర్వాతి తేదీతో ఉంది. ముగ్గురి విషయంలో పోస్టుకు ఆమోదం ఆఫర్ లెటర్ వెళ్లాక వచ్చింది. అయితే రిపోర్టులన్నీ సక్రమంగానే ఉన్నాయి, ఆమోదించినవారికి అధికారమూ ఉంది. సంవత్సరాంతానికి సిబ్బంది 598, బడ్జెట్ 612. నష్టమేమీ లేదు కనుక వీటిని లోపాలుగా రాయవద్దని హెచ్‌ఆర్ విభాగం అంటోంది. మీరేమంటారు?

నియామకాల మేనేజర్:
నేను చాలా ఏళ్లుగా నియామకాలు చూస్తున్నాను, కాబట్టి హెచ్‌ఆర్ వైపు నుంచి ఒక మాట చెప్పవలసి ఉంది. అభ్యర్థి ఇంకా పాత సంస్థలో పనిచేస్తుండగా మనం ఆ సంస్థకు రాసి అతని వివరాలు అడగలేము. అడిగితే అతను రాజీనామా చేయకముందే అక్కడ సంగతి బయటపడుతుంది, రేపు మన ఆఫర్ నిలవకపోతే అతనికి రెండు ఉద్యోగాలూ పోతాయి. అందువల్ల ఆ భాగం చేరిన తర్వాతే పూర్తవుతుంది, ఏ సంస్థలోనైనా ఇంతే. రిపోర్టులన్నీ సక్రమంగా వచ్చినప్పుడు తేదీలను పట్టుకుని లోపమని రాయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆమోదాల విషయమూ అంతే. అధికారం ఉన్న వ్యక్తే సంతకం చేశారు కదా.

పాత ఆడిటర్:
మేనేజర్ గారు చెప్పిన మొదటి సగం పూర్తిగా నిజం, అందుకే ఆ ఏడుగురినీ ఒకే గంపలో వేయకూడదు. వెరిఫికేషన్‌లో గుర్తింపు, చదువు, పాత ఉద్యోగాలు, చిరునామా, కోర్టు రికార్డులు అని విడివిడి అంశాలు ఉంటాయి. ఒక్కో రిపోర్టు తెరిచి, చేరిన రోజుకు ఏ అంశం మిగిలి ఉందో చూడండి. చివరి సంస్థ నుంచి జవాబు మాత్రమే మిగిలి ఉంటే, ఆఫర్ లెటర్‌లో 'వెరిఫికేషన్ ఫలితానికి లోబడి' అనే షరతు ఉందా, దాన్ని పూర్తి చేయడానికి గడువు రాశారా, ఆ గడువులోపు రిపోర్టు వచ్చిందా అన్నవే మీ ప్రశ్నలు. చదువు సర్టిఫికెట్టు, గుర్తింపు పత్రం సరిచూడడానికి పాత సంస్థ అనుమతి అక్కర్లేదు. అవి కూడా మిగిలి ఉండగా మనిషిని చేర్చుకుంటే దానికి ఈ కారణం వర్తించదు.

రిపోర్టు చివరికి బాగానే వచ్చిందన్న వాదనతో నేను ఏకీభవించను. ఈ తనిఖీ ఉన్నది, తగని వ్యక్తి చేతికి సంస్థ వ్యవస్థలు వెళ్లకముందే ఆపడానికి. ఆ వ్యక్తి తగినవాడేనని తర్వాత తేలితే మన అభ్యర్థి మంచివాడని తెలుస్తుంది తప్ప, మన తలుపుకు గడియ ఉందని తెలియదు. కాబట్టి రిపోర్టు తేదీ పక్కన ఇంకొక తేదీ రాసుకోండి: ఆ వ్యక్తికి లాగిన్ ఎప్పుడు ఇచ్చారు, అందులో చెల్లింపులు చేయడం, కస్టమర్ల వివరాలు చూడడం వంటి అధికారాలు ఏవైనా ఉన్నాయా అన్నది. రిపోర్టు పది రోజులు ఆలస్యమైనా ఆ పది రోజులూ శిక్షణలోనే గడిచిన వ్యక్తికీ, మూడో రోజే చెల్లింపుల అనుమతి పొందిన వ్యక్తికీ ముప్పు ఒకటి కాదు.

ఆమోదాల్లో నేను చూసేది, ఆమోదించే వ్యక్తి ఆ రోజున వద్దనగలిగే స్థితిలో ఉన్నాడా అన్నది. ఆఫర్ లెటర్ చేతికందాక అభ్యర్థి ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తాడు. ఆ తర్వాత ఫైలు ముందుకు వస్తే ఎంత పెద్ద అధికారి అయినా సంతకం పెట్టడం తప్ప చేయగలిగింది లేదు. ఒక జాగ్రత్త కూడా చెబుతాను: ఫారంలో చేత్తో వేసిన తేదీని నమ్మకండి, సాఫ్ట్‌వేర్‌లో ఆమోదం నొక్కిన సమయం లాగ్‌లో ఉంటుంది, దానినే తీసుకోండి. ముగ్గురే దొరికారంటే మిగతా ఫైళ్లను ఏ తేదీ ఆధారంగా చూశారో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

పేరోల్ ఉద్యోగి:
నా అనుభవం ఒకటి ఇక్కడ పనికొస్తుందనుకుంటున్నాను. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఆడిటర్లు ఏటా హెచ్‌ఆర్ ఇచ్చిన జాబితా నుంచే ఫైళ్లు ఎంచుకునేవారు, ప్రతి ఏడూ అంతా సరిగ్గానే ఉందని రాసేవారు. నాకు మాత్రం నెలనెలా మొదటి జీతం ఇవ్వవలసిన పేర్లు ఆ జాబితా కంటే ఒకటో రెండో ఎక్కువగా వచ్చేవి. నేరుగా పైనుంచి ఒక మెయిల్ వచ్చేది, బ్యాంకు ఖాతా నంబరు జత చేసి ఉండేది, జీతం వెళ్లిపోయేది. ఏ విధానమూ పాటించకుండా వచ్చిన వ్యక్తి, విధానం పాటించిన వారి జాబితాలో ఎలా ఉంటాడు? ఆ మాట అడగడానికి నా దగ్గరకు ఎవరూ రాలేదని ఇప్పటికీ బాధగా ఉంది. కొత్త ఆడిటర్ గారు ఆ 386 సంఖ్య ఎవరిచ్చారో చెబుతారా?

ఈమధ్యే చేరిన ఉద్యోగి:
నాదీ ఇదే సమస్య. నేను చేరి రెండు నెలలైంది, నా వెరిఫికేషన్ ఇంకా పెండింగ్ అని చూపిస్తోంది. ఇప్పుడు ఆడిట్ వచ్చి లోపమని రాస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారా? ఏజెన్సీవారు నా డిగ్రీ మార్కుల జాబితా అందలేదంటున్నారు, కానీ దాన్ని నన్ను అడిగినవారే లేరు.

పాత ఆడిటర్:
మీ భయం అర్థమైంది. ఆడిట్ రిపోర్టు రాసేది సంస్థ పద్ధతి గురించి, మీ గురించి కాదు. ఏ పత్రం కావాలో హెచ్‌ఆర్‌కు మెయిల్ రాసి అడగండి, మీరు పంపిన తేదీ రికార్డులో ఉండేలా చూసుకోండి.

మీ మాటలో కొత్త ఆడిటర్ గారికి కావలసిన విషయం ఒకటి దొరికింది. ఆలస్యమైన ప్రతి కేసుకూ నాలుగు తేదీలు వరుసగా పెట్టి చూడండి: అభ్యర్థి ఆఫర్ ఒప్పుకున్నది, హెచ్‌ఆర్ కేసును ఏజెన్సీకి పంపినది, ఏజెన్సీకి పత్రాలన్నీ చేరినది, రిపోర్టు వచ్చినది. వెరిఫికేషన్ ఆలస్యమైందంటే అందరూ ఏజెన్సీనే నిందిస్తారు. నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ రోజులు పోయింది మొదటి రెండు తేదీల మధ్యే.

కొత్త ఆడిటర్:
అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు తీసుకుని మళ్లీ చూశాను. ఏడుగురిలో నలుగురికి చివరి సంస్థ జవాబు మాత్రమే మిగిలి ఉంది, ఆఫర్ లెటర్‌లో షరతూ ఉంది, గడువులోపే పూర్తయింది. వారిని లోపాల్లోంచి తీసేస్తున్నాను. మిగతా ముగ్గురికి చేరిన రోజుకు ఒక్క అంశం కూడా పూర్తి కాలేదు. వారిలో ఒకరికి మూడో రోజునే సరఫరాదారుల బ్యాంకు వివరాలు మార్చే అనుమతి ఇచ్చారు, రిపోర్టు వచ్చింది నలభై ఒకటో రోజున.

386 సంఖ్య హెచ్‌ఆర్ ఇచ్చినదే. పేరోల్ నుంచి మొదటి జీతాల జాబితా తెప్పిస్తే 391 వచ్చింది. తేడా ఐదుగురు. ఇద్దరు వెళ్లిపోయి తిరిగి వచ్చినవారు, ఇద్దరు కాంట్రాక్టు నుంచి పర్మినెంటు అయినవారు. ఐదో వ్యక్తికి పోస్టు అభ్యర్థన లేదు, ఆమోదం లేదు, వెరిఫికేషన్ కేసే తెరవలేదు. ఒక డైరెక్టర్ మెయిల్ మాత్రమే ఉంది. ఈ వ్యక్తి నా శాంపిల్‌లోకి ఎప్పటికీ వచ్చి ఉండేవాడు కాదు.

40 మందిలో ముగ్గురు అని రాసి, మొత్తం మందికి ఇదే నిష్పత్తి వర్తిస్తుందని చెప్పవచ్చా?

పాత ఆడిటర్:
చెప్పవద్దు. జాబితాయే అసంపూర్ణమని తేలాక దాని నుంచి తీసిన శాంపిల్‌తో మొత్తాన్ని అంచనా వేయలేరు. పైగా ఇక్కడ ఆ అవసరమూ లేదు, రెండు తేదీలూ ఫైళ్లలోనే ఉన్నాయి. 391 మందినీ ఒకే షీటులో పెట్టి, చేరిన తేదీ C నిలువు వరుసలో, రిపోర్టు తేదీ D వరుసలో ఉంచి ఇలా లెక్కించండి.

```
=SUMPRODUCT(--(D2:D392>C2:C392))
=COUNTBLANK(D2:D392)
```

రెండో లెక్క తప్పక చేయండి. రిపోర్టే రాని వ్యక్తికి D ఖాళీగా ఉంటుంది, ఖాళీ గడిని ఎక్సెల్ సున్నాగా తీసుకుంటుంది కనుక మొదటి లెక్కలో అతను సకాలంలో వచ్చినవారితో కలిసిపోతాడు. అందరికంటే ముందు చూడవలసిన కేసు అందరికంటే సులభంగా తప్పించుకునేది ఇక్కడే.

బడ్జెట్ విశ్లేషకుడు:
సిబ్బంది సంఖ్య గురించి ఎవరూ మాట్లాడలేదు. 612 అన్నది సంవత్సరం చివరి నెల సంఖ్య అయి ఉంటుంది. బడ్జెట్‌లో పోస్టులు ఒకే రోజు తెరుచుకోవు, ఏ పోస్టు ఏ నెల నుంచి అన్నది రాసి ఉంటుంది. నెలవారీ పట్టిక తెప్పించి, ప్రతి నెలాఖరు సంఖ్యను ఆ నెల బడ్జెట్‌తో పోల్చండి.

కొత్త ఆడిటర్:
మీరన్నట్టే ఉంది. ఇరవై పోస్టులకు పదో నెల నుంచే డబ్బు కేటాయించారు, అప్పటిదాకా అనుమతి 592 మందికే. ఆరో నెలాఖరున వాస్తవ సంఖ్య 604. ఏడు, ఎనిమిది నెలల్లోనూ పన్నెండు మంది అదనంగానే ఉన్నారు, ఆ తర్వాత రాజీనామాలతో సంఖ్య తగ్గి చివరికి 598 దగ్గర ఆగింది. ఆమోదం ఆలస్యమైన ముగ్గురూ ఈ ఇరవై పోస్టుల్లోనివారే.

నియామకాల మేనేజర్:
ఆ ముగ్గురి సంగతి నాకు తెలియదు, దాన్ని ఒప్పుకుంటాను. పన్నెండు మంది విషయంలో మాత్రం ఒక అభ్యంతరం ఉంది. నోటీసు కాలంలో ఉన్న పాత ఉద్యోగి పని అప్పగించడానికి కొత్తవారు ముందే చేరితే, ఒకే పోస్టులో కొన్ని వారాలు ఇద్దరు కనిపిస్తారు. అది బడ్జెట్ దాటడం ఎలా అవుతుంది? పని అప్పగింత లేకుండా మనిషిని పంపించేయమంటారా?

బడ్జెట్ విశ్లేషకుడు:
జీతాలు ఇద్దరికీ వెళ్లాయి కనుక నా లెక్కలో అది దాటడమే. అప్పగింతకు ఇన్ని వారాలని బడ్జెట్‌లోనే పెట్టుకోవచ్చు కదా.

పాత ఆడిటర్:
దీనిలో నాకూ ఒకే జవాబు లేదు. అప్పగింత ఎన్ని వారాలో విధానంలో రాసి ఉంటే దాన్ని దాటినవారినే నేను లెక్కిస్తాను; రాసి లేకపోతే, ఆ ఖాళీనే ముందు రాస్తాను. పోస్టు కోడ్ ప్రకారం విడదీస్తే పన్నెండు మందిలో అప్పగింత కోసం వచ్చినవారెవరో, పదో నెల పోస్టుల్లోకి ముందే తీసుకున్నవారెవరో తేలుతుంది. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో రాయవద్దు.

కొత్త ఆడిటర్:
విడదీశాను. అప్పగింత కోసం వచ్చినవారు ఐదుగురు, ముందుగా తీసుకున్నవారు ఏడుగురు. విధానంలో అప్పగింత వారాల ప్రస్తావన లేదు. ఏడుగురి పేర్లు, డైరెక్టర్ మెయిల్ కేసు, మూడో రోజు అనుమతి కేసు ముందు హెచ్‌ఆర్‌కు పంపి వారి వివరణ తీసుకుంటున్నాను. ఐదుగురి విషయం రిపోర్టులో ఎలా పెట్టాలో ఇంకా నిర్ణయించుకోలేదు.