మాత్రలు ఆపి వీర్యం దాచుకోవడం అవసరమా?

పాలకొల్లు పిల్ల: నేను ట్రాన్స్ అమ్మాయిని, వయసు 24. ఏడాదిగా ఈస్ట్రోజెన్, మగ హార్మోన్‌ను అణిచే సైప్రోటెరోన్ వాడుతున్నాను. సంక్రాంతి తర్వాత వృషణాలు తీసే సర్జరీ. వీర్యం దాచాలంటే మాత్రలు ఆపాలంటున్నారు. మళ్లీ గడ్డం వస్తుందని టెన్షన్. ఆపక తప్పదా?

కోనసీమ కుర్రోడు: ఏడాది వాడాక ఇంకేం మిగులుతుందమ్మా? శాశ్వతంగా పోయినట్టే. డబ్బు దండగ.

ల్యాబ్ బాబాయ్, రాజమండ్రి: తగ్గుతుందన్న మాట నిజం. "శాశ్వతంగా" అన్నది తొందరపాటు. ఈ మందులు మెదడు నుంచి వృషణాలకు వెళ్లే కబురును ఆపేస్తాయి, దాంతో అక్కడ తయారీ పడిపోతుంది. మాత్ర మానేసినా ఒక వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది. నారు పోసిన వారానికే కోతకు వెళ్తే ఏం దొరుకుతుంది?

మా దగ్గరకు వచ్చిన ఒకామె పధ్నాలుగు నెలలు వాడింది. మొదటి పరీక్షలో సున్నా. డాక్టరు చెప్పాక ఆపింది. ఆరు వారాలకూ సున్నానే, ఏడ్చేసింది. నాలుగో నెలకి మిల్లీలీటరుకి 30 లక్షల కణాలు. మామూలుగా 1.6 కోట్లు ఉండాలి కాబట్టి ఇది తక్కువే. అయినా కణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీలో ఒక అండానికి ఒక్క కణం చాలు. మూడుసార్లు ఇచ్చిన వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో దాచాం. కరిగించాక కదిలేవి సగానికి పడిపోవడం మామూలే, అందుకే ఒక్కసారితో సరిపెట్టుకోకూడదు. ఎంతకాలం ఆపినా తిరిగి రానివాళ్లూ ఉన్నారు.

అందుకే చెల్లీ, ముందే మాత్రలు ఆపకు. మొదట పరీక్ష చేయించుకో, మందుల మీద ఉండగానే కణాలు కనిపించినవాళ్లున్నారు. సున్నా వస్తే అప్పుడు డాక్టర్‌తో మాట్లాడు. ఆపడం ఇష్టం లేకపోతే, సర్జరీలో తీసిన కణజాలంలోనే వెతకమని అడగొచ్చు. ఏడాది వాడాక అందులో దొరికే అవకాశం తక్కువ, అది ముందే తెలిసి వెళ్లు.

భీమవరం తమ్ముడు: నేను ట్రాన్స్ అబ్బాయిని. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లతో ఎనిమిది నెలలుగా నెలసరి లేదు. అంటే నాకూ అండాలు అయిపోయినట్టేగా?

ల్యాబ్ బాబాయ్: కాదు బాబూ. నెలసరి ఆగినా అండాశయంలో అండాలు ఉంటాయి, అప్పుడప్పుడు విడుదలవుతాయి కూడా. గర్భం రాదన్న ధైర్యంతో ఉండకు. టెస్టోస్టిరాన్ మీద ఉండగా వస్తే బిడ్డకు ప్రమాదం. అండాలు దాచాలంటే పది పన్నెండు రోజుల ఇంజెక్షన్లు, ఆ తర్వాత మత్తిచ్చి తీస్తారు. లోపలి నుంచి స్కాన్ భరించలేకపోతే పొట్ట మీద నుంచి చేయమని అడుగు, అంత స్పష్టంగా రాదనుకో.

కోనసీమ కుర్రోడు: సరే, వీర్యం దాచింది. రేపు ఎవరి కడుపులో పెడతారు? ఇలాంటి సంతాన చికిత్సల మీద వచ్చిన 2021 చట్టంలో దంపతులు, మహిళ అనే రాశారు, ట్రాన్స్ వాళ్ల మాటే లేదు.

ల్యాబ్ బాబాయ్: అందులో నీతో వాదించను. ఒక్కో సెంటర్ ఒక్కోలా చదువుతోంది. దాచే ముందే లాయర్‌ని అడగాలి.

పాలకొల్లు పిల్ల: సోమవారం పరీక్షకు వెళ్తున్నా. సున్నా వస్తే నాలుగు నెలలు గడ్డంతో ఉండగలనో లేదో, ఇప్పుడైతే చెప్పలేను బాబాయ్.