టెర్ట్-బ్యూటాక్సైడ్ నిజంగా చివరి హైడ్రోజన్‌నే కోరుకుంటుందా?

వేసవి_చదువు
2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్‌కి పొటాషియం టెర్ట్-బ్యూటాక్సైడ్ వేస్తే 2-మిథైల్-1-బ్యూటీన్ 72 శాతం, 2-మిథైల్-2-బ్యూటీన్ 28 శాతం వస్తాయని చదివాను. బేస్ లావుగా ఉంటే లోపలి హైడ్రోజన్‌ని అందుకోలేదంటారు కదా, మరి ఆ 28 శాతం ఎక్కడి నుంచి వస్తోంది? పరీక్షలో ఏమని రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

కోచింగ్_మాస్టారు
పరీక్షకైతే ఒక్క మాట చాలమ్మా. చిన్న బేస్ అయితే లోపలి ఆల్కీన్, అదే జైట్సెవ్; లావు బేస్ అయితే చివరి ఆల్కీన్, అదే హాఫ్‌మన్. ఇథాక్సైడ్ వేస్తే లోపలి ఆల్కీన్ 70 శాతం, టెర్ట్-బ్యూటాక్సైడ్ వేస్తే చివరి ఆల్కీన్ 72 శాతం. అంకెలు అటూ ఇటూ తారుమారయ్యాయంటే లావు బేస్‌కి చివరి హైడ్రోజనే ఇష్టమని అర్థం. ఏ బేస్ కూడా నూటికి నూరు శాతం ఒక్కటే ఇవ్వదు, ఆ 28 గురించి బెంగపడకు.

గుంటూరు_లెక్చరర్
మాస్టారూ, మేజర్ ప్రోడక్ట్ ఏదో మీరు సరిగ్గానే చెప్పారు. కానీ "ఇష్టం" అన్న మాట దగ్గర నేను ఒప్పుకోలేను. ఈ అణువులో ఏ వైపు ఎన్ని హైడ్రోజన్లు ఉన్నాయో ముందు లెక్కపెట్టాలి.

బ్రోమిన్ ఉన్న కార్బన్‌కి రెండు మిథైల్‌లు, ఒక ఇథైల్ అతుక్కుని ఉన్నాయి. చివరి ఆల్కీన్ రావాలంటే మిథైల్ హైడ్రోజన్ పోవాలి, అవి 6. లోపలిది రావాలంటే CH₂ హైడ్రోజన్ పోవాలి, అవి 2. బేస్‌కి ఏ ఇష్టమూ లేకుండా కళ్లు మూసుకుని లాగినా చివరి ఆల్కీన్ 75 శాతం రావాలి. టెర్ట్-బ్యూటాక్సైడ్ ఇచ్చింది 72!

ఇప్పుడు ఒక్కో హైడ్రోజన్ వాటా చూడండి. ఇథాక్సైడ్‌తో లోపలి హైడ్రోజన్ ఒక్కోదానికి 35, మిథైల్ హైడ్రోజన్ ఒక్కోదానికి 5. అంటే లోపలిది ఏడు రెట్లు తేలిగ్గా పోతోంది. అక్కడ జైట్సెవ్ ఇష్టం చాలా గట్టిగా ఉంది. టెర్ట్-బ్యూటాక్సైడ్‌తో లోపలిదానికి 14, మిథైల్‌దానికి 12. దాదాపు సమానం, ఇంకా చూస్తే కాస్త లోపలి వైపే మొగ్గు. కాబట్టి ఈ బేస్ చేసిన పని జైట్సెవ్ మొగ్గుని చెరిపేయడం. మేజర్ ప్రోడక్ట్ చివరిది కావడానికి కారణం అక్కడ మూడు రెట్లు హైడ్రోజన్లు ఉండటం. అమ్మా వేసవి, నీ 28 శాతానికి జవాబు ఇదే.

నిజంగా చివరి వైపు మొగ్గు చూపే బేస్ కావాలంటే ఇంకా లావైనది తీసుకోవాలి. 1956లో హెచ్.సి. బ్రౌన్ బృందం ఇదే బ్రోమైడ్ మీద బేస్‌లని వరుసగా పెంచుకుంటూ వెళ్లింది. మూడు ఇథైల్‌లున్న ఆల్కాక్సైడ్ వేస్తే చివరి ఆల్కీన్ 89 శాతం దాకా వచ్చింది. ఒక్కో హైడ్రోజన్‌కి లెక్కేస్తే మిథైల్‌ది దాదాపు 15, లోపలిది అయిదున్నర. అసలైన తిరుగుబాటు అక్కడ ఉంది.

తొలకరి
మేం డిగ్రీ ల్యాబ్‌లో 2-మిథైల్-2-బ్యూటనాల్‌ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడిచేసి ఆల్కీన్ తీశాం. 38 డిగ్రీల దగ్గర మరిగేది ఎక్కువగా వచ్చింది. అందులో లావు బేస్ కలిపితే 31 దగ్గర మరిగే చివరి ఆల్కీన్ వస్తుందా?

కోచింగ్_మాస్టారు
అది వేరే దారి. అక్కడ ఆమ్లం ముందు నీటిని వెళ్లగొట్టి కార్బోకాటయాన్ చేస్తుంది, ఆ తర్వాత ప్రోటాన్ పోతుంది. బేస్ వేస్తే ఆమ్లమే దాన్ని తినేస్తుంది. ఈ చర్చంతా బ్రోమైడ్ మీద, ఒకే అడుగులో జరిగే E2 గురించి.

పటాన్‌చెరు_కెమిస్ట్
మేడమ్, మీ లెక్క బాగుంది కానీ నా అనుభవం దానికి సరిపోవడం లేదు. మాకూ ఇదే బ్రోమైడ్ అవసరమొచ్చింది. టెర్ట్-బ్యూటనాల్ చలికి సీసాలో గడ్డకట్టి ఉంటే, దాని బదులు డ్రై ఇథనాల్ వాడాం. బేస్ మాత్రం కొత్త డబ్బాలోని టెర్ట్-బ్యూటాక్సైడే. NMRలో 4.7 దగ్గర ఒక పీక్, 5.2 దగ్గర ఒక పీక్, రెండింటి వైశాల్యం దాదాపు సమానం. అంటే సగం సగం. 72 ఏదీ?

గుంటూరు_లెక్చరర్
మీ డేటా నాకు చాలా విలువైనది, ఎందుకంటే అది ఇంకో సంగతి చెబుతోంది. 4.7 దగ్గరిది చివరి ఆల్కీన్ CH₂, అందులో రెండు హైడ్రోజన్లు. 5.2 దగ్గరిది లోపలి ఆల్కీన్‌ది, ఒక్కటే హైడ్రోజన్. వైశాల్యాలు సమానమంటే అణువుల లెక్కలో చివరిది ఒకటి, లోపలిది రెండు. అంటే దాదాపు 33కి 67. ఇది అచ్చంగా ఇథాక్సైడ్ అంకెల పక్కన కూర్చుంటుంది, చూడండి.

కారణం మీ సాల్వెంట్. టెర్ట్-బ్యూటనాల్ కన్నా ఇథనాల్ ఎక్కువ ఆమ్ల గుణం ఉన్నది, పైగా ఫ్లాస్కులో బేస్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంది. టెర్ట్-బ్యూటాక్సైడ్ వేసీ వేయగానే అది ఇథనాల్ నుంచి ప్రోటాన్‌ని లాగేసుకుంటుంది. ఇక మిగిలేది ఇథాక్సైడే. డబ్బా మీది పేరు కాదు, ద్రావణంలో ఉన్న బేస్ ముఖ్యం. టెర్ట్-బ్యూటనాల్ 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి గోరువెచ్చని నీటిలో సీసా పెడితే కరిగిపోతుంది.

ఇంకో మాట. వేడిచేసి పట్టుకున్న వాయువులోంచి మొదటి భాగమే NMRకి పంపితే తొందరగా మరిగే చివరి ఆల్కీన్ ఎక్కువ కనబడుతుంది. మొత్తం పట్టుకుని కలిపాకే కొలవాలి.

పటాన్‌చెరు_కెమిస్ట్
రెండు హైడ్రోజన్ల సంగతి ఒప్పుకుంటున్నాను. టెర్ట్-బ్యూటనాల్‌లో మళ్లీ చేసి అంకె పెడతాను. కానీ ఒకటి అడగాలి. టెర్ట్-బ్యూటాక్సైడ్ లావుది మాత్రమే కాదు, ఇథాక్సైడ్ కన్నా బలమైనది కూడా. మొగ్గు పోవడం లావు వల్లే అని ఎలా అంటాం? బలమైన బేస్‌తో ట్రాన్సిషన్ స్టేట్‌లో డబుల్ బాండ్ ఇంకా సరిగ్గా ఏర్పడదు. అప్పుడు ఆల్కీన్ స్థిరత్వం పెద్దగా లెక్కలోకి రాదు, మిథైల్ హైడ్రోజన్ ఆమ్ల గుణమే నిర్ణయిస్తుంది.

గుంటూరు_లెక్చరర్
ఇది పాత తగువే, ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. 1970ల్లో బార్ట్‌ష్ 2-అయోడోబ్యూటేన్ మీద రకరకాల ఆక్సిజన్ బేస్‌లు DMSOలో వాడి చూశారు. బేస్ బలం పెరిగే కొద్దీ 1-బ్యూటీన్ వాటా పెరిగింది. బాగా లావైనవి మాత్రమే ఆ గీత దాటి పోయాయి. అందుకే ఇథాక్సైడ్ నుంచి టెర్ట్-బ్యూటాక్సైడ్‌కి వచ్చిన మార్పులో బలం వాటా ఉందని నేనూ అంటాను. కానీ టెర్ట్-బ్యూటాక్సైడ్ నుంచి మూడు ఇథైల్‌ల బేస్‌కి వెళ్లినప్పుడు బలం అంతగా మారదు, అయినా 72 నుంచి 89కి చేరింది. అది లావు చేసిన పనే.

పటాన్‌చెరు_కెమిస్ట్
ఆ లావు ఒక్క అయాన్‌దా? టెర్ట్-బ్యూటనాల్‌లో ఈ పొటాషియం లవణం గుంపులు గుంపులుగా ఉంటుంది కదా. పొటాషియాన్ని పట్టేసే క్రౌన్ ఈథర్ కలిపితే 2-బ్రోమోబ్యూటేన్ నుంచి 1-బ్యూటీన్ వాటా తగ్గుతుంది. అంటే మనం "లావు బేస్" అంటున్నది నిజానికి ఆ గుంపు కావచ్చు. మూడు ఇథైల్‌ల బేస్ ఏ సైజు గుంపు కడుతుందో చెప్పనంతవరకు 89 కూడా మీ వైపు సాక్ష్యం కాదు.

గుంటూరు_లెక్చరర్
ఈ అభ్యంతరం నాకు గట్టిదే అనిపిస్తోంది. అయినా గుంపు లావైనా అది స్థలం ఇబ్బందే. బలం ఒక్కటే అన్న వాదనకి మాత్రం అది సాయం చేయదు.

వేసవి_చదువు
మేడమ్, మరి 2-బ్రోమోబ్యూటేన్‌కి టెర్ట్-బ్యూటాక్సైడ్ వేస్తే?

గుంటూరు_లెక్చరర్
అక్కడ మిథైల్ హైడ్రోజన్లు 3, CH₂వి 2. ఇష్టమేమీ లేకపోతే 60 శాతం 1-బ్యూటీన్ రావాలి. టెర్ట్-బ్యూటనాల్‌లో వచ్చేది సగానికి కాస్త పైన. అదే కథ. అందుకే 2-బ్రోమోబ్యూటేన్‌కి "హాఫ్‌మన్ మేజర్" అని ధైర్యంగా రాసే ప్రశ్నాపత్రాలంటే నాకు అభ్యంతరం.

కోచింగ్_మాస్టారు
ప్రశ్నలో నాలుగు ఆప్షన్లే ఉంటే పిల్లలు 1-బ్యూటీనే టిక్ పెట్టాలి, నా మాట మీద నేనున్నాను. కానీ హైడ్రోజన్ల లెక్క రేపటి క్లాసులో బోర్డు మీద వేస్తాను.